అమ్మమ్మ చేత వీడియో కాల్ ఎత్తించడం: రింగు మోగిన దగ్గర్నుంచి మొదటి నిమిషం దాకా

అమ్మమ్మ మొదటిసారి వీడియో కాల్ ఎత్తిన రోజు డాలస్‌లో ఉన్న మా అక్కకి కనిపించింది ఆవిడ ముఖం కాదు, చెవి. చెవి, దానికున్న దుద్దు, వెనకాల నెరిసిన జుట్టు. అక్కేమో "అమ్మమ్మా, ఫోన్ ముందుకి పెట్టు" అని అరుస్తోంది. అమ్మమ్మేమో "ఏంటే, సరిగ్గా వినపడట్లేదు" అంటూ ఫోన్‌ని ఇంకాస్త గట్టిగా చెవికి అదుముకుంటోంది. చివరికి బుగ్గ తగిలి కాల్ కట్ అయింది.

ఇందులో ఆవిడ తప్పేం లేదు. ఇన్నేళ్ళూ ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకునేదే. సరిగ్గా వినపడకపోతే ఇంకా దగ్గరికి పెట్టుకుంటాం కదా, ఆవిడా అదే చేసింది. తప్పు మాది. ఎత్తాక ఏం చేయాలో ముందు చెప్పకుండా, కాల్ మధ్యలో అరిచి చెప్పబోయాం.

గుంటూరు బ్రాడీపేటలో అమ్మమ్మా తాతయ్యా ఇద్దరే ఉంటారు. నేను అదే ఊళ్ళో ఉంటాను కాబట్టి ఈ పని నా మీద పడింది. కొన్ని ఆదివారాలు తిప్పలు పడ్డాక ఒక పద్ధతి కుదిరింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ వీడియో కాల్ గురించి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉండేది అదే.

ముందు ఒక నిర్ణయం: వాళ్ళు ఎత్తాలి అంతే, చేయక్కర్లేదు

వీడియో కాల్ నేర్పడం అనగానే మనం అంతా నేర్పబోతాం. వాట్సాప్ తెరవడం, పేరు వెతకడం, కెమెరా బొమ్మ నొక్కడం, లింకు వస్తే దాన్ని తెరవడం. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడకి ఒకే పూట ఇన్ని చెబితే "నాకెందుకురా ఇవన్నీ" అని ఫోన్ పక్కన పెట్టేస్తుంది. అందుకని మొదటి నెలంతా ఒకటే నేర్పాలి: మోగితే ఎత్తడం. కాల్ ఎప్పుడూ అవతలి నుంచే వస్తుంది, కట్ చేసేదీ అవతలివాళ్ళే. లింకు పంపి అందులోకి రమ్మనే మీటింగు యాప్‌ల జోలికి అసలు పోవద్దు. లింకు తెరవడం, పేరు కొట్టడం, మైకుకి అనుమతి ఇవ్వడం అన్నీ వాళ్ళ నెత్తినే పడతాయి. వాట్సాప్ కాల్‌లో అయితే మామూలు ఫోన్ లాగే మోగుతుంది, ఎత్తితే చాలు.

ముందు రోజు: ఫోన్ సర్దడం

ఇది వాళ్ళ ముందు కూర్చుని చేసే పని కాదు. "ఒకసారి ఫోన్ ఇవ్వు, చార్జింగ్ పెడతాను" అని తీసుకుని పావుగంటలో చేసేయొచ్చు.

మొదట అక్క నంబరు ఫోన్‌లో సేవ్ అయి ఉందో లేదో చూడండి. అమెరికా నంబరు కదా, ముందు +1 ఉండాలి. సేవ్ అయి లేకపోతే, వాట్సాప్‌లో Settings > Privacy > Calls లో Silence unknown callers ఎవరైనా ఆన్ చేసి పెట్టి ఉంటే, కాల్ వస్తుంది కానీ మోగదు. అవతల వాళ్ళు "ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు" అని కంగారు పడతారు. ఇవతల వీళ్ళు ఫోన్ పక్కనే పెట్టుకుని ఎదురు చూస్తుంటారు. ఆ సెట్టింగు మాత్రం తీసేయకండి. ఆన్‌లోనే ఉంచి మనవాళ్ళ నంబర్లన్నీ సేవ్ చేయడమే మంచిది. ఎందుకో తర్వాత చెబుతాను.

తర్వాత అనుమతులు. ఫోన్‌లో Settings > Apps > WhatsApp > Permissions కి వెళ్ళి కెమెరాకీ మైక్రోఫోన్‌కీ Allow only while using the app ఉందో చూడండి. ఇది ఇప్పుడు చేయకపోతే, కాల్ ఎత్తిన క్షణంలో తెర మీదికి ఒక ఇంగ్లీషు ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. పెద్దవాళ్ళు అలాంటిది చూడగానే భయపడి వెనక్కి పోతారు, లేదా Don't allow నొక్కేస్తారు. రెండోది జరిగితే, కెమెరాకి అనుమతి ఇచ్చేదాకా అవతలివాళ్ళకి వీళ్ళ ముఖం కనపడదు.

కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీ ఆదా కోసం, కాసేపు వాడని యాప్‌ని నిద్రపుచ్చేస్తారు. తెర వెలిగించినప్పుడు మాత్రమే "మిస్డ్ కాల్" అని కనపడుతోంటే కారణం సాధారణంగా ఇదే. అదే Apps > WhatsApp లో Battery దగ్గర Unrestricted పెట్టండి. పేరు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది కానీ ఉండే చోటు దాదాపు అదే.

ఆఖరున ముందు కెమెరా తుడవండి. నవ్వకండి. వంటింట్లో తిరిగే ఫోన్ అది. నూనె వేలు ఒకసారి తగిలితే చాలు, అవతలివాళ్ళకి మనిషి పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తుంది, నెట్ బాగాలేదనుకుంటారు. పాత పంచె ముక్కతో మెత్తగా తుడిస్తే పోతుంది.

ఇదంతా అయ్యాక మీ ఫోన్ నుంచి రెండుసార్లు వీడియో కాల్ చేసి చూడండి. ఒకసారి ఆ ఫోన్ లాక్ అయి ఉన్నప్పుడు, ఒకసారి తెర వెలిగి ఏదో యాప్ తెరిచి ఉన్నప్పుడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లాక్ అయి ఉంటే కాల్ తెర నిండా వస్తుంది, కింద పచ్చ గుండ్రంని పైకి జరపాలి. ఫోన్ వాడుతుండగా వస్తే తెర పైభాగంలో చిన్న పట్టీలా వస్తుంది, అందులో రెండు మీటలుంటాయి, జరపడం కాదు, నొక్కాలి. మనకి రెండూ ఒకటే. వాళ్ళకి మాత్రం ఇవి రెండు వేరు వేరు పనులు. తాతయ్య ఆ పట్టీని కూడా పైకి జరిపాడు. పట్టీ మాయమైంది, ఫోన్ మోగుతూనే ఉంది. ఆయనకి చెమటలు పట్టాయి.

దీనికి నేను పెట్టుకున్న నియమం చిన్నది. కాల్ టైముకి పది నిమిషాల ముందు ఫోన్‌ని లాక్ చేసి స్టాండు మీద పెట్టేస్తాం. ఇక ఎవరూ ముట్టుకోరు. అప్పుడు కాల్ ఎప్పుడూ ఒకేలా వస్తుంది, ఒకే కదలిక సరిపోతుంది. ఐఫోన్ అయితే లాక్ అయి ఉన్నప్పుడు పైకి కాదు, పక్కకి జరపాలి. ఏ ఫోన్ అయినా ట్రయల్ కాల్‌లో కళ్ళారా చూసుకుని, వాళ్ళకి ఆ ఒక్కటే చెప్పండి.

కూర్చునే చోటు

ఫోన్ చేతిలో వద్దు. చేతిలో ఉంటే చెవి దగ్గరికి పోతుంది, లేదంటే బొటనవేలు కెమెరాని కప్పేస్తుంది, ఐదు నిమిషాలకి చెయ్యి నొప్పి పుడుతుంది. చిన్న ప్లాస్టిక్ స్టాండు దొరికితే సరే, లేకపోతే బియ్యం డబ్బా బోర్లించి దాని మీద పప్పు డబ్బాకి ఆనించినా పని అవుతుంది. ఫోన్ అడుగు అంచున మైకు, స్పీకరు ఉంటాయి కాబట్టి ఆ అంచు దిండు మీదో తువ్వాలు మీదో కూరుకుపోకుండా చూడాలి.

దూరం ఒక మూర. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఉన్నంత. అంతకంటే దగ్గరైతే ముఖంలో సగమే కనిపిస్తుంది, ఎక్కువైతే చేతికి అందదు, బొమ్మా కనపడదు. ఎత్తు దగ్గర ఒక మెలిక ఉంది. కెమెరా కళ్ళకి సమానంగా ఉండాలని అందరూ అంటారు. కానీ మా తాతయ్యవి రెండు చూపుల కళ్ళజోడు, దగ్గరవి చూడాలంటే కింద అద్దంలోంచి చూడాలి. ఫోన్ కళ్ళ ఎత్తున పెడితే ఆయన తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి చూస్తాడు, అవతలివాళ్ళకి ముక్కు రంధ్రాలే దర్శనం. అందుకని కళ్ళ కంటే జానెడు కిందుగా పెట్టి, ఫోన్‌ని కాస్త వెనక్కి వాల్చాలి. టీపాయ్ మీద మాత్రం పెట్టకండి, అప్పుడు కనిపించేది సీలింగ్ ఫ్యానే.

వెలుతురు ముందు నుంచి రావాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే కెమెరా ఆ కిటికీ వెలుగుని బట్టి సర్దుకుంటుంది, మనిషి నల్లటి నీడలా మిగులుతుంది. మా వాళ్ళింట్లో తూర్పు కిటికీకి ఎదురుగా కుర్చీ తిప్పితే చాలింది. ఫ్యాను గురించి కూడా ఒక మాట. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ దాని కిందే కూర్చుంటే గాలి నేరుగా మైకులోకి కొట్టి బుసలు వినిపిస్తాయి. కుర్చీ రెండడుగులు పక్కకి లాగితే ఆ గోల తగ్గుతుంది. టీవీ ఆపేయాలి, ఇందులో బేరాల్లేవు.

చెవి మిషన్ ఉంటే పెట్టుకునే కూర్చోవాలి. అది పెట్టుకుని ఫోన్‌ని చెవికి ఆనిస్తే కూతపెడుతుంది, స్టాండు మీద ఉన్నప్పుడు ఆ బాధ ఉండదు.

వేలికి సాధన

మొదట్లో నేను "ఆ గ్రీన్ ఐకాన్ స్వైప్ చెయ్ అమ్మమ్మా" అన్నాను. అందులో ఆవిడకి అర్థమైంది "అమ్మమ్మా" ఒక్కటే. బ్రాడీపేటలో అడ్రసు చెప్పేటప్పుడు లైను, అడ్డరోడ్డు కలిపి 4/7 అంటాం: నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఫోన్ మీద కూడా అలాగే చోటు చెబితే ఆవిడ చటుక్కున పట్టుకుంది. "అన్నిటికంటే కింద లైను, మధ్యలో పచ్చ గుండ్రం." బొమ్మల పేర్లు ఆవిడకి అక్కర్లేదు.

జరపడం ఎలాగో ముగ్గుతో చెప్పాను. "పచ్చదాని మీద వేలు ఆనించి, ముగ్గు గీత లాగినట్టు పైకి లాగు. మధ్యలో వేలు ఎత్తొద్దు." ఆవిడ మొదట గోరుతో లాగింది, ఫోన్ కదల్లేదు. ఈ తెరలు వేలి చర్మంలోంచి పోయే సూక్ష్మమైన విద్యుత్తుని గుర్తిస్తాయి, గోరుని గుర్తించవు. వయసు మీద పడ్డాక వేలి కొసలు బాగా పొడిబారతాయి కాబట్టి కొన్నిసార్లు మెత్తటి భాగం ఆనించినా పట్టదు. తడిగుడ్డకి వేలు ఒకసారి అద్ది, తుడుచుకుని లాగితే పడుతుంది. తాతయ్యది ఇంకో ఇబ్బంది. ఆయన చెయ్యి కొంచెం వణుకుతుంది, వేలు మధ్యలో లేస్తుంది. ఆయనకి చూపుడువేలు కంటే బొటనవేలు నయం అనిపించింది. మిగతా వేళ్ళు ఫోన్ పక్కన ఆనించుకుంటే చెయ్యి నిలుస్తుంది.

మీరు పక్క గదిలోకి వెళ్ళి మూడుసార్లు కాల్ చేయండి. మూడే. నాలుగోసారి విసుగు మొదలవుతుంది. పక్కన కూర్చున్నప్పుడు ఎదురుగా కాకుండా, వాళ్ళ భుజం పక్కన, ఒకే వైపుకి తిరిగి కూర్చోవాలి. ఎదురుగా ఉంటే మన "కుడి" వాళ్ళకి ఎడమ. ఇక అన్నిటికంటే కష్టమైన పని, చేతులు కట్టుకుని కూర్చోవడం. వాళ్ళ వేలు పట్టుకుని మనం లాగేస్తే కాల్ కలుస్తుంది, కానీ వచ్చే ఆదివారం మళ్ళీ మనం ఉండాల్సిందే.

అవతలివాళ్ళకి చెప్పాల్సినవి

ముందుగా టైము. డాలస్‌లో శనివారం రాత్రి ఏడున్నర అయితే, వేసవిలో ఇక్కడ ఆదివారం పొద్దున 6 గంటలు. కాఫీ తాగేసి తీరుబడిగా ఉండే వేళ. కానీ అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకి తిప్పుతారు. మనకి ఆ అలవాటు లేదు. కాబట్టి చలికాలంలో అదే ఏడున్నర ఇక్కడ 7 గంటలు అవుతుంది. ఇది చెప్పకపోతే నవంబరులో ఒక ఆదివారం పెద్దవాళ్ళు 6 నుంచి 7 దాకా ఫోన్ ముందు కూర్చుని "పిల్లకి ఏమైందో" అని దిగులు పడతారు. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

ముందు చెప్పకుండా వీడియో కాల్ చేయొద్దని కూడా అక్కకి గట్టిగా చెప్పాను. మామూలు ఫోన్‌కి ఎవరి అవతారం ఎలా ఉన్నా ఫర్వాలేదు. వీడియో అంటే తాతయ్యకి చొక్కా కావాలి, అమ్మమ్మ జుట్టు దువ్వుకుని బొట్టు సరిచేసుకోవాలి. బనీనుతో ఉండగా కాల్ వస్తే తాతయ్య ఎత్తడు. అది ఆయనకి ఎత్తడం రాక కాదు.

మూడోది, ఎత్తకపోతే వెంటనే మళ్ళీ చేయకూడదు. అప్పుడు ఇవతల నుంచి వీళ్ళూ చేస్తుంటారు, ఇద్దరికీ బిజీ వస్తుంది. ఐదు నిమిషాలు ఆగి అక్కే చేస్తుంది, ఇవతల ఎవరూ తిరిగి చేయరు. మొదటి నిమిషంలో తెర మీద ఒక్కరే ఉండాలి. బావ, పిల్లాడు, పక్కింటివాళ్ళు అందరూ ఒకేసారి "హాయ్" అంటే పెద్దవాళ్ళకి ఎవరిని చూడాలో తెలియదు.

ఆ మొదటి నిమిషం

కాల్ ఎత్తగానే బొమ్మా మాటా ఒకేసారి రావు. ఒకటి రెండు సెకన్లు తెర ఖాళీగానో మసకగానో ఉండి తర్వాత సర్దుకుంటుంది. మనకి అలవాటు కాబట్టి ఆగుతాం. పెద్దవాళ్ళు ఆ రెండు సెకన్లలోనే "కట్ అయిపోయినట్టుంది" అనుకుని ఏదో ఒకటి నొక్కేస్తారు. అందుకని ముందే చెప్పాలి: "ఎత్తాక చేతులు ఒళ్ళో పెట్టేసుకో అమ్మమ్మా. లోపల ఐదు అంకెలు లెక్కపెట్టు. అది వస్తుంది." ఎత్తాక చేతులు ఒళ్ళోకి, ఇదే ఆవిడ నేర్చుకున్న రెండో పాఠం, ఇక మూడోది లేదు.

ఆ ఐదు సెకన్లూ అక్క మాట్లాడదు. నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. పెద్దవాళ్ళకి కన్ను ముందు అందుతుంది, చెవి తర్వాత. ముఖం గుర్తుపట్టాక మాట తేలిగ్గా అర్థమవుతుంది.

తర్వాత పలకరింపు. "అమ్మమ్మా, నేను." ఒక ఊపిరి ఆగి, "డాలస్ నుంచి." ఆగాలి. నెట్‌లో మాట అటు చేరి తిరిగి రావడానికి కాస్త టైము పడుతుంది. ఆ ఖాళీని ఓర్చుకోలేక అక్క మళ్ళీ మొదలుపెడితే, సరిగ్గా అప్పుడే అమ్మమ్మ జవాబు వచ్చి రెండూ గుద్దుకుంటాయి. ఇద్దరూ ఆగిపోతారు, ఇద్దరూ "నువ్వు చెప్పు" అంటారు. మాట అయ్యాక మనసులో మూడు లెక్కపెట్టడమే దీనికి మందు.

వినపడకపోతే అరవడం సహజం, కానీ ఉపయోగం తక్కువ. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి, హెచ్చు స్వరాలని తినేస్తుంది. అరిచినప్పుడు మన గొంతు ఆ హెచ్చు స్వరంలోకే పోతుంది, చిన్న స్పీకరులో చిరుగుతుంది కూడా. గొంతు కాస్త దించి, మాట మాట విడదీసి, పెదాలు కనిపించేలా మాట్లాడితే ఎక్కువ అందుతుంది. పిల్లాడి గొంతు పెద్దవాళ్ళకి అన్నిటికంటే కష్టం. వాణ్ణి తర్వాత తీసుకురమ్మనడానికి ఇంకో కారణం అదే.

ఇప్పుడు అసలు కిటుకు. అందరూ మొదట అడిగేది "వినపడుతోందా? కనపడుతోందా?" అని. మన పెద్దవాళ్ళు ఆ ప్రశ్నకి "ఆఁ ఆఁ, బాగుంది" అనేస్తారు. పిల్లని బాధపెట్టడం ఎందుకని. కాబట్టి అవునూ కాదూ అని తేలిపోయే ప్రశ్న అడగొద్దు. "పొద్దున టిఫిన్ ఏం చేశావు?" అని అడగాలి. "పెసరట్టు" అంటే విన్నట్టు. "బాగున్నామే తల్లీ, మీరెలా ఉన్నారు?" అంటే వినలేదన్నమాట, ఊహించి చెప్పింది. కనపడుతోందో లేదో తెలియడానికి అక్క చేతిలో ఏదో ఒకటి పట్టుకుని "ఇదేంటో చెప్పు" అంటుంది.

పోయిన నెల ఒక ఆదివారం ఎలా నడిచిందో చెబుతాను. 5:50కి ఫోన్ స్టాండు మీద పెట్టాం. 6:02కి మోగింది. అమ్మమ్మ గీత లాగింది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది, పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. తెర మీద అక్క చెయ్యి ఊపింది.

"అమ్మమ్మా, నేను. డాలస్ నుంచి."

"ఆఁ, కనపడుతున్నావే. ఏంటే అంత చిక్కిపోయావు?"

ఇది చూసినట్టు లెక్క. చిక్కడం సంగతి మాత్రం నమ్మక్కర్లేదు, ప్రతివారం అంటుంది.

"పొద్దున టిఫిన్ ఏం చేశావు?"

"మేం బాగానే ఉన్నామమ్మా."

అక్క ఇక్కడ పాత రోజుల్లో అయితే మాట సాగించేసేది. ఈసారి ఆగి, చూపుడువేలు చెవికి ఆనించి చూపించింది. అది మేం ముందే అనుకున్న గుర్తు: "నా మాట వినట్లేదు కదా?" అమ్మమ్మ నా వైపు చూసింది. నేను ఫోన్ ముట్టుకోకుండా, "పక్క మీటలు, పైది" అన్నాను. ఆవిడే ఫోన్ పక్కనున్న పై మీట మూడుసార్లు నొక్కింది. కాల్‌లో ఉన్నప్పుడు ఆ మీట పెంచేది కాల్ శబ్దాన్నే, రింగుని కాదు. అందుకే ముందు రోజు రింగు గట్టిగా పెట్టినా లాభం ఉండదు, దీన్ని కాల్‌లోనే సర్దాలి.

"టిఫిన్ ఏంటి అమ్మమ్మా?"

"ఉప్మా. మీ తాతయ్యకి నిన్న కడుపు బాగోలేదు, అందుకని."

అంతే, నిమిషం దాటింది. అక్క పిల్లాణ్ణి అప్పుడు పిలిచింది. వాడు బొమ్మ రైలు పట్టుకొచ్చి తెర దగ్గరగా చూపించి "తాతమ్మా!" అన్నాడు. చేతిలో వస్తువు ఉన్న పిల్లాడు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, రైలు గురించి అమ్మమ్మే అడుగుతుంది.

ఆ నిమిషంలో ఎదురయ్యే ఇబ్బందులు

పక్కన కూర్చున్నవాళ్ళు మాటల్లో దూరకూడదు. రెండు సందర్భాల్లోనే నోరు తెరవాలి: వేలు ఎర్ర మీట వైపు పోతున్నప్పుడు, ఇరవై సెకన్లు ఎవరూ మాట్లాడనప్పుడు.

తెర మీద వేలు తగిలితే మీటల వరుస బయటికి వస్తుంది. అందులో మైకు మీట నొక్కుకుపోయి మైకు ఆగిపోతే వీళ్ళ మాట అవతలికి పోదు. అవతలి నుంచి అక్క తన పెదాల మీద వేలు పెట్టి చూపిస్తే అదే అర్థం. ఇంకో పొరపాటు, అక్క బొమ్మ చిన్న డబ్బాలా మారి మూలకి పోవడం. వెనక్కి వెళ్ళే మీట తగిలిందన్నమాట. కాల్ పోలేదు, ఆ డబ్బాని నొక్కితే మళ్ళీ పెద్దదవుతుంది. గోడ కనిపిస్తోంటే కెమెరా వెనక్కి తిరిగింది, రెండు బాణాలు తిరుగుతున్నట్టున్న బొమ్మని ఒకసారి నొక్కాలి.

కరెంటు పోతే వైఫై డబ్బా కూడా ఆగుతుంది. ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లోనే ఉంచితే, కాసేపు బొమ్మ ఆగిపోయి తర్వాత దానంతట అదే కలుస్తుంది. పది సెకన్లు ఓపిక పట్టాలి. బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తూ మాట మాత్రం బాగా వినిపిస్తోంటే అక్కే తన వీడియో ఆపేయడం మేలు, మాటకి దారి దొరుకుతుంది.

ఏదీ అర్థం కాకపోతే అమ్మమ్మకి ఒకటే ఆజ్ఞ: "ఎర్రది నొక్కేయ్. అక్కే మళ్ళీ చేస్తుంది." పాడైపోతుందన్న భయం ఉన్నంతసేపూ ఆ చెయ్యి బిగుసుకునే ఉంటుంది. నొక్కినా నష్టం లేదని తెలిశాకే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

ముక్కూ ముఖం తెలియని నంబర్లని మౌనంగా ఉంచే ఆ సెట్టింగు తీయొద్దని ఇందాక చెప్పాను. కారణం ఇది. వీడియో కాల్ ఎత్తడం అలవాటైన పెద్దవాళ్ళకి, పోలీసు యూనిఫాం వేసుకుని "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అనే మోసగాళ్ళు కూడా వీడియోలోనే చేస్తారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. సేవ్ చేసిన పేరు కనపడకపోతే ఎత్తొద్దని, కాల్‌లో తెర షేర్ చేయమని ఎవరడిగినా కట్ చేయమని తాతయ్యకి చెప్పి, సైబర్ మోసాల నంబరు 1930ని గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద అంకెల్లో రాశాను.

ముగించేది ఎవరు

మా ఇంట్లో "ఉంటానమ్మా" అన్నాక ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడతారు, అది మామూలే. కానీ నిజంగా అయిపోయాక అమ్మమ్మ ఫోన్ కట్ చేయదు. మాట ఆగితే కాల్ ఆగినట్టే అనుకుంటుంది. ఒక ఆదివారం అలాగే లేచి వంటింట్లోకి పోతూ, "పిల్లకి వంట రాదు, అల్లుడు ఏం తింటున్నాడో పాపం" అంది. డాలస్‌లో బావ ఇంకా తెర ముందే ఉన్నాడు. అప్పట్నుంచి కట్ చేసే బాధ్యత అక్కది. చెయ్యి ఊపి, "పెట్టేస్తున్నా అమ్మమ్మా" అని చెప్పి, తెర మీద తన ముఖం ఉండగానే ఎర్రది నొక్కుతుంది.